శతావరితో పాలు పడతాయా? ఎవరు దూరంగా ఉండాలి?

బాలింత పథ్యంలోకి వెల్లుల్లి కారం, మునగాకు, సముద్ర తీరపు ఊళ్లలో అయితే సొరపుట్టు వచ్చి చేరినట్లే ఇప్పుడు శతావరి గ్రాన్యూల్స్ డబ్బా కూడా వచ్చి చేరింది. కొందరికి డాక్టరే రాసిస్తారు. రాయకపోయినా మందుల షాపుకెళ్లి "పాలు పడే పొడి" అంటే చీటీ అడగకుండా చేతిలో పెడతారు. మన అడవుల్లో పిల్లిపీచర అని పిలిచే ముళ్ల తీగ దుంపవేళ్లను ఎండబెట్టి కొట్టిన పొడే ఇందులో అసలు సరుకు.

ఆయుర్వేదంలో దీనికి పాలు పెంచే మూలికగా పేరుంది. భావప్రకాశంలో ఆ గుణం స్పష్టంగానే చెప్పారు. కానీ అంతకంటే చాలా పాతదైన చరక సంహితలో పాలు పుట్టించే పది మూలికల జాబితా ఉంది. అందులో దర్భ, కుశ, వట్టివేరు లాంటి గడ్డి వేళ్లే ఎక్కువ, శతావరి లేదు. కాబట్టి "వేల ఏళ్లుగా అందరూ వాడుతున్నదే" అన్న మాటను బలమైన సాక్ష్యంగా తీసుకోలేం. ఇక పరీక్షలు ఏం చెప్పాయో చూద్దాం.

పాలు చాలడం లేదన్న తల్లులతో చేసిన ఒక పరీక్ష 1996లో ఇండియన్ పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది. 64 మందిని చేర్చుకున్నారు. కొందరికి శతావరి ప్రధానంగా ఉన్న మిశ్రమం, మిగతావారికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి పొడి నాలుగు వారాలు ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్లిందో తల్లులకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. చివరికి ప్రొలాక్టిన్ హార్మోనులో గానీ బిడ్డల బరువులో గానీ రెండు గుంపుల మధ్య తేడా కనబడలేదు. అయితే ఆ మిశ్రమం ప్రతి 100 గ్రాముల్లో శతావరి 15 గ్రాములే. మోతాదు చాలలేదనే వాదనకు అక్కడ చోటుంది.

2011లో వచ్చిన రెండో పరీక్ష దీనికి పూర్తిగా ఎదురు తిరిగింది. 60 మంది తల్లుల్లో ఒక గుంపుకు శరీర బరువులో కిలోకు 60 మిల్లీగ్రాముల చొప్పున, అంటే 55 కిలోల మనిషికి రోజుకు 3.3 గ్రాముల వేరు పొడి, 30 రోజులు ఇచ్చారు. వాళ్లలో ప్రొలాక్టిన్ సుమారు 33 శాతం పెరిగితే, రెండో గుంపులో పెరిగింది 10 శాతం లోపే. బిడ్డల బరువు కూడా మొదటి గుంపులోనే ఎక్కువ పెరిగింది. ఆ తర్వాత, కాన్పయిన మొదటి మూడు రోజుల్లో శతావరి కలిపిన బార్ తినిపించి పాలు కొంచెం ముందుగా పడ్డాయని చెప్పిన చిన్న పరీక్ష కూడా ఒకటి వచ్చింది. 2020లో కొక్రేన్ సంస్థ పాలు పెంచే మందులు, మూలికల మీద జరిగిన 41 పరీక్షలను ఒకచోట చేర్చి చూసింది. మూలికల విషయంలో సాక్ష్యం చాలా బలహీనమని, గట్టిగా ఏమీ చెప్పలేమని తేల్చింది.

నేనైతే 2011 పరీక్షలోని ప్రొలాక్టిన్ అంకె దగ్గర కాసేపు ఆగుతాను. ప్రకటనలన్నీ పట్టుకుని వేలాడేది ఆ అంకెనే. కాన్పులో మాయ బయటపడగానే ప్రొజెస్టరాన్ ఒక్కసారిగా పడిపోతుంది. అప్పటిదాకా ఆ హార్మోను అణచిపెట్టిన ప్రొలాక్టిన్‌కు దారి దొరికి, రెండు మూడు రోజుల్లో రొమ్ము నిండుతుంది. తొలి రోజుల్లో హార్మోన్ల మాటే చెల్లుతుంది. పాలు ఒకసారి నిలదొక్కుకున్నాక మాత్రం ఎంత పాలు ఊరాలో నిర్ణయించేది రొమ్ము ఎంత ఖాళీ అవుతుందన్నదే. పాలు లోపల నిలిచిపోతే ఆ రొమ్ములోనే తయారీ తగ్గిపోతుంది, పూర్తిగా తీసేస్తే పెరుగుతుంది. రెండో నెలలో ఉన్న ఇద్దరు తల్లుల రక్తంలో ప్రొలాక్టిన్ చూసి ఎవరికి ఎక్కువ పాలున్నాయో చెప్పలేం. అందుకే రక్తంలో హార్మోను పెరిగిందన్నంత మాత్రాన బిడ్డ కడుపులోకి పాలు ఎక్కువ వెళ్లాయని అనుకోకూడదు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. బిడ్డ 2.9 కిలోలతో సిజేరియన్‌లో పుట్టాడు. నాలుగో రోజుకు 2.7కు దిగాడు. మొదటి రోజుల్లో ఏడు శాతం దాకా తగ్గడం మామూలే, అక్కడ కంగారు లేదు. కానీ పదో రోజుకు 2.76 దగ్గరే ఉన్నాడు. ఆరు రోజుల్లో 60 గ్రాములు, అంటే రోజుకు 10 గ్రాములు. ఆ వయసులో రోజుకు 25 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఇక్కడ పాలు నిజంగానే చాలడం లేదు. అమ్మమ్మ శతావరి తెప్పించింది. అదే రోజు నర్సు వచ్చి పక్కన కూర్చుని చూస్తే తేలిందేమిటంటే, కుట్ల నొప్పికి తల్లి సరిగా కూర్చోలేకపోతోంది, బిడ్డ చనుమొన చివర మాత్రమే పట్టుకుంటున్నాడు, రోజుకు ఆరుసార్లే తాగుతున్నాడు, రాత్రి ఏడిస్తే గ్లూకోజు నీళ్లు పడుతున్నారు. నర్సు తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించింది. నీళ్లు మాన్పించి రోజుకు పదిసార్లు తాగించమంది. తాగాక మిగిలిన పాలను పిండి చెంచాతో పట్టమంది. పదిహేడో రోజుకు బిడ్డ 2.96 కిలోలు, అంటే రోజుకు దాదాపు 29 గ్రాములు. ఆ ఇంట్లో పేరు మాత్రం శతావరికే వస్తుంది. ఎందుకంటే డబ్బా కనబడుతుంది, మార్చిన పట్టు కనబడదు.

ఇదంతా సరిచేసి వారం చూసినా బరువు కదలకపోయినా, ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయకపోయినా పొడి మార్చుకుంటూ కూర్చోకూడదు. బిడ్డను పిల్లల డాక్టరుకు చూపించాలి. మాయ ముక్క లోపల మిగిలిపోవడం, కాన్పులో విపరీతంగా రక్తం పోవడం, థైరాయిడ్ తగ్గడం, పాలగ్రంథులే పుట్టుకతో తక్కువగా ఉండటం లాంటి కారణాలను వెతకాలి. వీటిలో ఒక్కదాన్నీ శతావరి బాగుచేయదు. వేరే జబ్బేమీ లేని బాలింత కొన్నాళ్లు వాడితే పెద్ద హాని జరిగినట్లు ఈ చిన్న పరీక్షల్లో బయటపడలేదు. గర్భిణులకు ఈ మాట వర్తించదు. శతావరి వేరు సారం ఎక్కువ మోతాదులో ఇచ్చిన ఎలుకల్లో పిండాలు కరిగిపోవడం, ఎదుగుదల తగ్గడం కనబడింది. కాన్పుకు ముందు నుంచే తాగితే పాలు బాగా వస్తాయని మొదలుపెట్టడం మంచిది కాదు. మరొకటి, చాలా గ్రాన్యూల్స్‌లో ఎక్కువ భాగం పంచదారే. గర్భంలో షుగర్ వచ్చిన తల్లి డబ్బా వెనక రాసింది ముందు చదవాలి.

ఇక అసలు జాగ్రత్త. శతావరి వేళ్లలో శతావరిన్లు అనే సాపోనిన్లు ఉంటాయి, వాటికి ఈస్ట్రోజెన్ లాంటి గుణం ఉందని చెబుతారు. ఎలుకలకు ఈ వేరు సారం ఇస్తే గర్భాశయం బరువు, పాలగ్రంథుల కణజాలం పెరిగాయి. అమ్మేవాళ్లు "స్త్రీ హార్మోన్లను సమతుల్యం చేస్తుంది" అని రాసేది ఈ భరోసాతోనే. నిజానికి ఈస్ట్రోజెన్ ఎక్కువైతే పాలు తగ్గుతాయి. బాలింతలకు ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు మొదటి నెలల్లో రాయకపోవడానికి ఒక కారణం అదే. కాబట్టి పాల విషయంలో ఈ హార్మోను వాదన తనకు తానే అడ్డం తగులుతుంది. ఈస్ట్రోజెన్‌తో పెరిగే జబ్బున్న మనిషికి మాత్రం అదే వాదన దూరంగా ఉండమని చెప్పడానికి చాలినంత కారణం.

ఆ జబ్బుల్లో మొదటిది ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్ రొమ్ము కేన్సర్. ఈ రోగులకు ఐదేళ్లు, కొందరికి పదేళ్లు ఇచ్చే టామోక్సిఫెన్ మాత్ర రొమ్ము కణం మీద ఈస్ట్రోజెన్ కూర్చునే చోటును ముందే ఆక్రమించి కూర్చుంటుంది. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటివి శరీరంలో ఈస్ట్రోజెన్ తయారీనే తగ్గిస్తాయి. ఒక చేత్తో ఇంత కష్టపడి హార్మోనును అడ్డుకుంటూ, రెండో చేత్తో హార్మోను గుణమున్న పొడి తాగడంలో అర్థం లేదు. శతావరి వల్ల మనుషుల్లో కేన్సర్ తిరగబెట్టిందని రుజువు కాలేదు, కానీ భద్రమని కూడా ఎవరూ రుజువు చేయలేదు. శతావరిన్ ప్రయోగశాలలో రొమ్ము కేన్సర్ కణాలను చంపిందని చూపించే వాట్సాప్ సందేశాలకు పొంగిపోకండి. గాజు పాత్రలో కణాల మీద నేరుగా పోసిన సారం వేరు, పేగు, కాలేయం దాటి రక్తంలోకి చేరేది వేరు.

ఈ రోగుల దగ్గరికి శతావరి ఎక్కువగా పాల దారిలో రాదు, వేడి ఆవిర్ల దారిలో వస్తుంది. టామోక్సిఫెన్ వాడేవాళ్లకు ఒళ్లంతా మంట, రాత్రి చెమటలు ఉంటాయి. ముట్లుడిగిన వాళ్ల టానిక్ అని ఎవరో చెబుతారు. డాక్టరుకు చెబితే హార్మోను కాని మందులే ఉన్నాయి, వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటివి. అడగకపోతే తెలియదు. ఎండోమెట్రియోసిస్, గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు ఉన్నవాళ్లకు ముప్పు అంత పెద్దది కాకపోవచ్చు, కానీ ఆ రెండూ ఈస్ట్రోజెన్ తిని పెరిగేవే. వాళ్లు గైనకాలజిస్టును అడగకుండా మొదలుపెట్టకూడదు.

పాలు, కేన్సర్ రెండూ ఒకే మనిషి దగ్గర కలిసే సందర్భం ఇప్పుడు నిజంగానే వస్తోంది. హార్మోను మందు 18 నుంచి 30 నెలలు వాడాక, రెండేళ్ల దాకా ఆపి గర్భం కోసం ప్రయత్నించిన యువతుల మీద జరిగిన పాజిటివ్ అనే అధ్యయనం 2023లో వెలువడింది. ఆ కొద్దికాలంలో వాళ్లలో కేన్సర్ తిరగబెట్టడం పెరగలేదు. బిడ్డను కన్నవాళ్లలో చాలామంది పాలు కూడా ఇచ్చారు. అలాంటి 34 ఏళ్ల తల్లి ఒకామె ఉందనుకోండి. ఆమెకు ఎడమ రొమ్ములో గడ్డ తీసి, రేడియేషన్ ఇచ్చారు. రేడియేషన్ తగిలిన వైపు పాలు బాగా తక్కువ పడతాయి, కొందరికి అసలు పడవు. అత్తగారు శతావరి డబ్బా తెచ్చారు. "మందు ఆపేశాం కదా, ఇప్పుడు తాగితే ఏం?" అని ఇంట్లో మాట. కానీ మందు ఆపింది గర్భం కోసం, జబ్బు స్వభావం మారి కాదు. పైగా ఈ రెండేళ్లు ఆమెకు టామోక్సిఫెన్ కాపలా కూడా లేదు. ఆమెకు శతావరి వద్దు.

ఆమెకు పనికొచ్చేది కుడి వైపు. ఒక్క రొమ్ముతోనే బిడ్డను నిండుగా పెంచిన తల్లులు చాలామంది ఉన్నారు. ఆ వైపే రోజుకు పది పన్నెండుసార్లు తాగించాలి, తాగాక పంపుతో పిండాలి. వారానికోసారి బిడ్డ బరువు చూసుకోవాలి, చాలకపోతే పిల్లల డాక్టరు చెప్పినంత పోతపాలు కలపాలి. రెండు మూడు చెంచాలు ఇప్పటికే తాగేసి ఉంటే భయపడక్కర్లేదు. ఆపేసి, డబ్బాను అలాగే కేన్సర్ డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లి చూపించాలి. టామోక్సిఫెన్ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఆ రోజే అడగాలి. ఆ మాత్ర వేసుకుంటూ పాలివ్వడం కుదరదు కాబట్టి, బిడ్డకు పాలు ఎన్నాళ్లు ఇవ్వగలదన్నది ఆ తేదీని బట్టే తేలుతుంది.