తలంబ్రాల గింజలు స్లో మోషన్‌లో ఎందుకు చెదిరిపోతాయి?

పెళ్లి వీడియోను సెకనుకు 25 ఫ్రేముల చొప్పున తీశారు. తలంబ్రాల ఘట్టాన్ని సగం వేగంలో చూపాలని ఎడిటింగ్‌లో స్పీడ్ 50 శాతానికి తగ్గించారు. ఫ్రేమ్ బ్లెండింగ్ పెడితే పెళ్లికూతురి చేతులు జంటగా, పల్చగా కనిపిస్తున్నాయి. ఆప్టికల్ ఫ్లో పెడితే చేతులు చక్కగా కదులుతున్నాయి గానీ, బియ్యం గింజలు మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతున్నాయి. ఒకే షాట్‌లో ఈ తేడా ఎందుకు? రెండిట్లో దేన్ని నమ్మాలి?

లేని ఫ్రేములు ఎక్కడి నుంచి వస్తాయి?

నాలుగు సెకన్ల షాట్‌లో 100 ఫ్రేములుంటాయి. దాన్ని ఎనిమిది సెకన్లకు సాగదీస్తే 200 కావాలి. అంటే పక్కపక్కనున్న ప్రతి రెండు ఫ్రేముల నడుమ కెమెరా తీయని ఫ్రేము ఒకటి పుట్టించాలి. పావు వేగానికి తగ్గిస్తే ప్రతి జత నడుమా మూడు పుట్టించాలి. ఉన్న ఫ్రేమునే రెండోసారి చూపిస్తే కదలిక ఆగి ఆగి నడుస్తుంది. అలా కుదుపు లేకుండా ఖాళీని నింపడానికే ఈ రెండు పద్ధతులూ వచ్చాయి.

బ్లెండింగ్‌లో చేతులు రెండెందుకు అవుతాయి?

బ్లెండింగ్ కదలికను పట్టించుకోదు. మొదటి ఫ్రేములో ఒక చోట ఉన్న రంగును, రెండో ఫ్రేములో సరిగ్గా అదే చోట ఉన్న రంగును తీసుకుని సగటు కడుతుంది. రెండు ట్రేసింగ్ కాగితాలను ఒకదానిపై ఒకటి పెట్టి చూసినట్టన్నమాట. కదలని మండప స్తంభం రెండిట్లోనూ ఒకే చోట ఉంటుంది కాబట్టి దానికేమీ కాదు. చెయ్యి ఈలోగా జరిగింది గనక పాత చోట సగం చెయ్యి, కొత్త చోట సగం చెయ్యి కనిపిస్తాయి.

దీనికి తోడు మరో ఇబ్బంది ఉంది. అసలు ఫ్రేము స్పష్టంగా, కలిపిన ఫ్రేము మసకగా ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే కదిలే అంచులు అదురుతున్నట్టు అనిపిస్తాయి. కానీ బ్లెండింగ్‌లో ఒక మేలుంది: ఏ ఆకారాన్నీ వంచదు, లేనిదాన్ని ఊహించదు.

ఆప్టికల్ ఫ్లో ఏం ఊహిస్తుంది?

ఇది రంగులను కాక స్థానాలను సగటు కడుతుంది. మొదటి ఫ్రేములోని ప్రతి చుక్కా రెండో ఫ్రేములో ఎక్కడికి చేరిందో వెతికి, ఆ దారిలో సగం దూరం జరిపి కొత్త ఫ్రేము గీస్తుంది. హార్న్, షంక్ 1981లో ప్రచురించిన పద్ధతి ఈ రంగానికి పునాదుల్లో ఒకటి. అది రెండు నమ్మకాల మీద నిలబడింది. కదిలినా చుక్క వెలుగు మారదన్నది మొదటిది. పక్కపక్క చుక్కలు దాదాపు కలిసే కదులుతాయన్నది రెండోది. తర్వాత ఎన్ని మెరుగులు దిద్దినా, ఇలాంటి నమ్మకాలు చెదిరిన చోటే బొమ్మ కూడా చెదురుతుంది.

మరి చేతులకు పనిచేసింది గింజలకెందుకు పనిచేయదు?

లెక్క వేసి చూద్దాం. చెయ్యి సెకనుకు అర మీటరు వేగంతో లేస్తోందనుకుంటే, ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ నడుమ 2 సెంటీమీటర్లు జరుగుతుంది. అరచేతి వెడల్పు అంతకన్నా ఎక్కువే. పాత చోటూ కొత్త చోటూ ఒకదానిపై ఒకటి పడతాయి కాబట్టి జాడ సులువుగా దొరుకుతుంది.

గింజ 30 సెంటీమీటర్లు జారేసరికి దాని వేగం సెకనుకు సుమారు 2.4 మీటర్లకు చేరుతుంది. ఒక్క ఫ్రేము వ్యవధిలో అది దాదాపు 10 సెంటీమీటర్లు పడిపోతుంది. గింజ పొడవేమో సెంటీమీటరు కూడా ఉండదు. తన పొడవుకు పది రెట్లకు పైగా దూకిన గింజను, అచ్చం తనలాంటి వందల గింజల మధ్య వెతికి పట్టుకోవాలి. అందులోనూ ఒక్కో గింజ ఒక్కో వేగంతో, ఒక్కో దిక్కుకు పోతోంది. పక్కవన్నీ కలిసి కదులుతాయన్న నమ్మకం ఇక్కడ నిలవదు. చాలాసార్లు సాఫ్ట్‌వేర్ ఆ గింజలను వెనకున్న గోడలో భాగంగా లెక్కగట్టి, గోడతో పాటే నిలబెట్టేస్తుంది. అలా పుట్టిన ఫ్రేములో గింజ సాగుతుంది, చీలుతుంది, లేదా కరిగిపోతుంది. తర్వాతి అసలు ఫ్రేములో మళ్లీ కనిపిస్తుంది. మనకు కనిపించే మినుకు అదే.

చేతుల దగ్గరా ఒక చిక్కుంది. చెయ్యి జరిగినప్పుడు దాని వెనకున్న చీర అంచు కొత్తగా బయటపడుతుంది. ఆ భాగం రెండో ఫ్రేములోనే ఉంది, మొదటి ఫ్రేములో దానికి జత లేదు. అందుకే వేళ్ల చుట్టూ జరీ అంచు చేతితో పాటు సాగి, మళ్లీ వెనక్కి లాగినట్టు అవుతుంది. ఇక పక్కన ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ వెలిగితే వెలుగు మారదన్న మొదటి నమ్మకమే పోతుంది. ఆ ఫ్రేముకు అటూ ఇటూ పుట్టినవి పిచ్చిపిచ్చిగా వంకర్లు పోతాయి.

ఎలా గుర్తించాలి?

మామూలు వేగంలో చూసి తీర్పు చెప్పకండి. బాణం కీతో ఒక్కో ఫ్రేమే జరపండి. సగం వేగంలో ఒక ఫ్రేము అసలుది, మరొకటి పుట్టించింది. పుట్టించిన వాటిలో మూడు చోట్ల చూడండి: వేళ్ల సందులు, చేతి వెనక నేపథ్యం, స్తంభం లాంటి నిట్టనిలువు గీతలు. గీత వంగితే ఫ్లో తప్పింది. అంచు రెండైతే అది బ్లెండింగ్.

ఒకే షాట్‌లో రెండూ వాడవచ్చా?

తలంబ్రాలకు అదే మంచి దారి. క్లిప్పును ఒకదానిపై ఒకటిగా రెండు లేయర్లలో పెట్టి, రెండింటికీ ఒకే వేగం ఇవ్వండి. కింది దానికి బ్లెండింగ్, పై దానికి ఆప్టికల్ ఫ్లో పెట్టండి. ప్రీమియర్ ప్రోలో ఈ ఎంపిక Time Interpolation కింద ఉంటుంది. డావిన్చి రిజాల్వ్‌లో Retime Process కింద. పై లేయర్‌లో చేతుల చుట్టూ మాత్రమే మాస్క్ గీసి, దాని అంచును మెత్తబరచి, చేతులతో పాటు జరిగేలా చూసుకోండి.

ముఖాలను మాస్క్‌లోకి తేనక్కర్లేదు. అవి దాదాపు కదలవు కాబట్టి బ్లెండింగ్ వాటిని పాడుచేయదు. ముఖం ముందు నుంచి పడే గింజలకూ బ్లెండింగే నయం. షట్టర్ 1/50 అయితే ప్రతి గింజా ఎలాగూ 5 సెంటీమీటర్ల చారలా పడి ఉంటుంది. రెండు ఫ్రేముల చారలు కలిస్తే గింజలు మరింత ఒత్తుగా రాలుతున్నట్టు కనిపిస్తుందే తప్ప తప్పుగా తోచదు. ఫ్లాష్ పడ్డ చోట క్లిప్పును కోసి, ఆ కాస్త ముక్కలో చేతులకు కూడా బ్లెండింగే ఉంచండి.

ఇంత చేసినా సగం వేగం దగ్గరే ఆగడం మంచిది. పావు వేగంలో ప్రతి నాలుగు ఫ్రేముల్లో మూడు ఊహించినవే అవుతాయి. పైగా 1/50 షట్టర్‌లో పడ్డ మసకను ఈ రెండు పద్ధతుల్లో ఏదీ తీసేయలేదు. కదలిక నెమ్మదించేకొద్దీ ఆ మసక కంటికి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

తీసేటప్పుడే ఏం మార్చాలి?

ఆ ఒక్క ఘట్టానికి కెమెరాను సెకనుకు 50 ఫ్రేములకు, షట్టర్‌ను 1/100కు మార్చండి. 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో అది సగం వేగానికి వచ్చినా ప్రతి ఫ్రేమూ కెమెరా చూసిందే. ఊహించాల్సింది ఏమీ ఉండదు. గింజ చార కూడా సగానికి తగ్గుతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/100 షట్టర్ సరిగ్గా ఒక మినుకునంతా పట్టుకుంటుంది గనక వాటి కింద వెలుగు ఊగదు. దీనికి మూల్యం ఒక స్టాప్ వెలుతురు. మండపంలో వెలుతురును రెట్టింపు చేస్తే అది తీరిపోతుంది.