ఫెడ్ డబ్బు వెనక్కి తీసుకుంటున్నా షేర్లు ఎందుకు పెరిగాయి?

2023లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వ్యవస్థలోంచి నెలనెలా డబ్బు వెనక్కి లాగుతూనే ఉంది. లెక్క ప్రకారం మార్కెట్లు నీరసించాలి. కానీ ఆ ఏడాది ఎస్ అండ్ పి 500 సూచీ 24 శాతం పెరిగింది, బిట్‌కాయిన్ ధర రెట్టింపు దాటింది.

ఈ చిక్కుముడి విప్పాలంటే 2020 మార్చికి వెళ్లాలి. కోవిడ్ భయంతో మార్కెట్లు కుప్పకూలుతుంటే, అవసరమైనన్ని బాండ్లు కొంటామని ఫెడ్ 23న ప్రకటించింది. ఇదే క్వాంటిటేటివ్ ఈజింగ్. ఒక పెన్షన్ ఫండ్ దగ్గర ఫెడ్ బాండ్లు కొంటే, ఆ డబ్బు ఫండ్ ఖాతాలో పడుతుంది. ఫండ్ ఖాతా ఉన్న బ్యాంకుకు ఫెడ్ దగ్గర అంతే మొత్తం నిల్వ చేరుతుంది. కొనుగోళ్ల వల్ల బాండ్ల ధర పెరిగి, వాటిపై రాబడి తగ్గుతుంది. దాంతో ఫండ్ మెరుగైన రాబడి కోసం కంపెనీ బాండ్లు, షేర్ల వైపు చూస్తుంది. మరింత సాహసించేవాళ్లు క్రిప్టో దాకా వెళతారు. 2020 మార్చి మొదట్లో సుమారు 4.2 లక్షల కోట్ల డాలర్లున్న ఫెడ్ ఆస్తులు 2022 వసంతానికి 9 లక్షల కోట్ల దరిదాపులకు చేరాయి. 2020 మార్చిలో 5 వేల డాలర్ల దగ్గర కొట్టుమిట్టాడిన బిట్‌కాయిన్ 2021 నవంబరులో 69 వేలను తాకింది.

2022 జూన్‌లో వెనక్కి తీసుకోవడం మొదలైంది. ఫెడ్ బాండ్లను అమ్మలేదు. గడువు తీరిన వాటి సొమ్ముతో కొత్తవి కొనడం తగ్గించింది, అంతే. సెప్టెంబరు నుంచి నెలకు 9,500 కోట్ల డాలర్ల దాకా ఇలా వదిలేయాలన్నది పరిమితి. ఇక ప్రభుత్వం తెచ్చే కొత్త అప్పును వేరెవరో కొనాలి.

ఆ కొనేవాళ్లు ఏ డబ్బు తెచ్చారన్నదే అసలు కీలకం. 2022 చివర్లో మనీ మార్కెట్ ఫండ్ల వంటివి ఫెడ్ దగ్గరే, రివర్స్ రెపో అనే ఖాతాలో, 2.5 లక్షల కోట్ల డాలర్లు పెట్టుకుని ఉన్నాయి. 2023 జూన్‌లో అప్పు పరిమితి వివాదం తీరాక ప్రభుత్వం స్వల్పకాలిక బిల్లులు గుప్పించింది. ఫండ్లు ఆ ఖాతాలోంచి తీసి వాటిని కొన్నాయి. ఏడాది చివరికి రివర్స్ రెపో లక్ష కోట్ల దరిదాపులకు దిగింది. ఫెడ్ ఆస్తులు సుమారు 80 వేల కోట్లు తగ్గినా బ్యాంకుల నిల్వలు తగ్గలేదు, పైగా కాస్త పెరిగాయి. మార్కెట్‌కు బిగింపు తగలలేదు.

షేర్లు పెరగడానికి ఏఐ కంపెనీలపై ఆశ, వడ్డీ తగ్గుతుందన్న అంచనా కూడా తోడయ్యాయి. ధరలను బ్యాలెన్స్ షీట్ ఒక్కటే నడపదు. 2022 పతనంలోనూ వడ్డీ రేట్ల పెంపుదే పెద్ద వాటా.

నిల్వలు నిజంగా కరిగితే ఆ సంగతి ముందుగా తెలిసేది ఒక్కరాత్రి అప్పుల వడ్డీలోనే. 2019 సెప్టెంబరులో అది ఒక్కసారిగా 10 శాతం దాకా ఎగబాకితే, ఫెడ్ మళ్లీ డబ్బు దించాల్సి వచ్చింది. ఫెడ్ ప్రతి గురువారం తన పద్దు ప్రకటిస్తుంది. అందులో మొత్తం ఆస్తులు చూసి ఆగిపోకండి, బ్యాంకుల నిల్వలు, రివర్స్ రెపో అంకెలు కూడా చూడండి.