ఫోన్ ‘తోట’ను ‘కోట’ అని ఎందుకు రాస్తుంది?

మైలవరంలో ఒక మామిడి తోట. పక్కనే మోటారు ఆడుతోంది. మీరు ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి “తోట దగ్గర ఉన్నా” అన్నారనుకోండి. తెర మీద “కోట దగ్గర ఉన్నా” అని పడొచ్చు. ఎందుకు?

తెలుగులో మాట్లాడి టైప్ చేసే సౌకర్యాన్ని గూగుల్ 2017 ఆగస్టులో తెచ్చింది. ఇలాంటి పద్ధతుల్లో ఫోన్ మన గొంతును చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కోదానిలో ఏ ధ్వని ఉందో లెక్క కడుతుంది. ‘ఓ’ అనే అచ్చు బలంగా, కాస్త సాగి వినిపిస్తుంది. ‘త’కీ ‘క’కీ తేడా మాత్రం క్షణంలో వచ్చిపోయే సన్నని చప్పుడు. మోటారు రొద దాన్ని కప్పేస్తుంది. అప్పుడు పక్క మాటలే ఆధారం. “తోటలో కాయలు కోశాం” అంటే ‘కాయలు’ చూసి తోటే అని పట్టుకోగలదు. “దగ్గర ఉన్నా”కు మాత్రం తోటా కోటా రెండూ అతుకుతాయి.

యాస సంగతి వేరు. ఫోన్‌కు నేర్పిన రికార్డింగుల్లో ‘వచ్చాడు’ ఎక్కువ, ‘వచ్చిండు’ తక్కువ ఉంటే రెండోదాన్ని తప్పు రాయొచ్చు. ఆ లోటు పలికినవారిది కాదు, నేర్పినవారిది.

మీరే పరీక్షించండి. పది మాటల వాక్యాన్ని మోటారు దగ్గర చదవండి. రెండు మాటలు తప్పితే నూటికి ఇరవై తప్పులన్నమాట. ఇప్పుడు ఫోన్‌ను నోటికి 40 సెంటీమీటర్ల నుంచి 20కి తెచ్చి మళ్లీ చదవండి. మీ గొంతు దాదాపు నాలుగింతల శక్తితో చేరుతుంది; మోటారు రొద మాత్రం దాదాపు అంతే ఉంటుంది.