డ్రేక్ సమీకరణంలో నాలుగో అంకె

1961 నవంబరులో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా కొండల మధ్య, గ్రీన్ బ్యాంక్ రేడియో ఖగోళ పరిశోధనశాలలో పదిమంది దాకా శాస్త్రవేత్తలు కలుసుకున్నారు. వాళ్లను పిలిచినవారిలో ఒకరు ఫ్రాంక్ డ్రేక్. అంతకు ముందు ఏడాదే ఆయన అక్కడి 85 అడుగుల డిష్‌ను టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని అనే రెండు దగ్గరి నక్షత్రాల వైపు తిప్పి, ఎవరైనా రేడియో సంకేతాలు పంపుతున్నారేమోనని విన్నారు. ఏమీ వినపడలేదు. అయితే రెండు నక్షత్రాల్లో ఏమీ లేకపోతే దాని అర్థమేమిటి? వెయ్యింటిని వినాలా, కోటింటిని వినాలా? ఆ ప్రశ్నను చర్చకు వీలుగా విడగొట్టడానికే డ్రేక్ సభ ఎజెండాగా ఈ లెక్క రాశారు:

N = R* × fp × ne × fl × fi × fc × L

మన పాలపుంతలో ఈ క్షణాన మనకు వినపడేలా సంకేతాలు వెలువరిస్తున్న నాగరికతల సంఖ్య N. అది తేలాలంటే ఏడు విషయాలు తెలియాలి. ఏటా ఎన్ని నక్షత్రాలు పుడుతున్నాయి, వాటిలో గ్రహాలున్నవెన్ని, అలాంటి ఒక్కో నక్షత్రం దగ్గర జీవానికి అనువైన గ్రహాలెన్ని అన్నవి మొదటి మూడు. ఆ గ్రహాల్లో జీవం నిజంగా పుట్టే వంతు నాలుగోది. ఆ జీవం తెలివి దాకా ఎదిగే వంతు, ఆ తెలివి రేడియో దాకా చేరే వంతు అయిదూ ఆరూ. ఆ నాగరికత ఎన్నేళ్లు సంకేతాలు పంపుతూ ఉంటుందన్నది ఏడోది, అంటే L. ఏటా కొత్తగా వచ్చేవాటి సంఖ్యను ఒక్కొక్కదాని ఆయుష్షుతో గుణిస్తేనే ఇప్పుడు ఉన్నవెన్నో తెలుస్తుంది. అందుకే చివర్లో ఆ గుణకారం.

ఆనాటి సభ L తప్ప మిగతావన్నీ కలిపి గుణిస్తే సుమారుగా ఒకటి వస్తుందనుకుంది. కాబట్టి నాగరికతల సంఖ్య వాటి ఆయుష్షు సంవత్సరాలతో సమానమని, వెయ్యి నుంచి పది కోట్ల మధ్య ఉండొచ్చని తేల్చారు. ఆ అంచనా వెనుక ఒక నమ్మకం ఉంది: అనువైన గ్రహం ఉంటే చాలు, జీవం తప్పక పుడుతుందని నాలుగో అంకెకు పూర్తిగా ఒకటి వేశారు. అయిదో అంకెకూ ఒకటే వేశారు. డాల్ఫిన్ల తెలివి మీద పనిచేస్తున్న జాన్ లిల్లీ ఆ సభలోనే ఉన్నారు. మనిషితో సంబంధం లేకుండా సముద్రంలోనూ తెలివి ఎదిగిందన్న ఆయన మాట వాళ్లను బాగా ఆకట్టుకుంది.

ఆ తర్వాత అరవై ఏళ్లలో మొదటి మూడు అంకెలు ఊహల్లోంచి కొలతల్లోకి వచ్చాయి. మన సూర్యుడి లాంటి మరో నక్షత్రం చుట్టూ గ్రహం తిరుగుతోందని 1995లో తెలిసింది. 2009లో ఎగిరిన కెప్లర్ టెలిస్కోపు, గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రపు వెలుగు కొద్దిగా తగ్గడాన్ని పట్టుకుని వేల గ్రహాలను చూపింది. నక్షత్రాల్లో అధిక భాగానికి గ్రహాలున్నాయని, సూర్యుడి లాంటి నక్షత్రాల్లో నీరు ద్రవంగా నిలవగల దూరాన రాతి గ్రహాలు అరుదేమీ కావని ఇప్పుడు చెప్పగలం. ఈ మూడింటిలో మిగిలిన అనుమానం రెండు మూడు రెట్లు, మహా అయితే పది రెట్లు.

నాలుగో అంకె దగ్గరికి వచ్చేసరికి కథ పూర్తిగా మారిపోతుంది.

మొదటి జీవి ఎలా పుట్టిందో మనకు తెలియదు. ఒక ప్రధాన ఊహ ప్రకారం, తనను తాను నకలు తీసుకోగల ఆర్‌ఎన్‌ఏ గొలుసు ఒకటి యాదృచ్ఛికంగా తయారైంది. ఆర్‌ఎన్‌ఏకు నాలుగే అక్షరాలు. ఆ గొలుసుకు ఫలానా వరుసలోనే 20 అక్షరాలు కావాలనుకుందాం. గుడ్డిగా చేరిన గొలుసుల్లో సుమారు లక్ష కోట్లకు ఒకటి సరిగ్గా కుదురుతుంది. ఒక సముద్రానికి అది ఏమాత్రం కష్టం కాదు. 30 అక్షరాలు కావాలంటే కష్టం పది లక్షల రెట్లు పెరుగుతుంది. 40 కావాలంటే మళ్లీ పది లక్షల రెట్లు. 50 అక్షరాలకు చేరేసరికి అవకాశం, ఒకటి పక్కన ముప్పై సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతు. నిజానికి పనిచేసే వరుసలు అనేకం ఉండొచ్చు, మధ్యలో చిన్న మెట్లూ ఉండొచ్చు. అప్పుడు అవకాశం బాగా పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో లెక్కగట్టే దారి ఇంకా దొరకలేదు. పది అక్షరాల తేడా అంటే రసాయన శాస్త్రానికి చిన్న విషయమే. సమీకరణంలో మాత్రం అదే గెలాక్సీ నిండా జీవం ఉండటానికీ ఎక్కడా లేకపోవడానికీ మధ్య తేడా.

భూమ్మీద జీవం చాలా త్వరగా పుట్టింది కదా, అంటే అది తేలికే అయివుండాలి కదా అని చాలామంది వాదిస్తారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో దాదాపు 350 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవుల ఆనవాళ్లున్నాయి, భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. వాదన వినసొంపుగానే ఉంటుంది కానీ బలహీనం. లాటరీ గెలిచినవాళ్లనే రానిచ్చిన సభ ఒకటి ఉందనుకోండి. లోపల ఎవరిని అడిగినా గెలిచాననే చెబుతారు. బయట ఎంతమంది టికెట్టు కొని ఓడారో ఆ సభలో కూర్చుని తెలుసుకోలేం. మనమూ అంతే: జీవం పుట్టని గ్రహం మీద ఈ ప్రశ్న అడగడానికి ఎవరూ ఉండరు. పైగా తెలివి రావడానికి వందల కోట్ల ఏళ్లు పట్టేట్టయితే, జీవం తొందరగా పుట్టిన గ్రహాల్లోనే అడిగేవాళ్లు ఉంటారు. ప్రిన్స్‌టన్‌కు చెందిన డేవిడ్ స్పీగల్, ఎడ్విన్ టర్నర్ 2012లో దీన్ని సంభావ్యత లెక్కల్లో పెట్టి చూశారు. భూమి ఒక్క ఉదాహరణతో, జీవం సర్వసాధారణమన్న ఊహనూ అత్యంత అరుదన్న ఊహనూ విడదీయలేమని తేలింది.

అయిదో అంకెదీ ఇదే ఇబ్బంది. కేంద్రకం ఉన్న సంక్లిష్ట కణం భూమి చరిత్రలో ఒక్కసారే వచ్చి నిలిచినట్టు కనిపిస్తుంది. L విషయంలోనూ మన దగ్గరున్నది సుమారు వందేళ్ల రేడియో చరిత్ర, అది కూడా ఇంకా ముగియనిది.

తెలియని అంకెకు సగటు వేసేసి గుణించడమే ఈ లెక్క వాడేవాళ్లు తరచు చేసే పొరపాటు. చేసి చూద్దాం. ఏటా ఒక నక్షత్రం, సగానికి గ్రహాలు, ఒక్కోదానికి రెండు అనువైనవి, తెలివి తప్పనిసరి, రేడియో అయిదింట ఒక వంతు, ఆయుష్షు 10,000 ఏళ్లు. జీవం తప్పక పుడితే జవాబు 2,000 నాగరికతలు. జీవం నమ్మశక్యం కానంత అరుదైతే దాదాపు సున్నా. రెండూ సమానంగా సాధ్యమే అనుకుంటే సగటు 1,000. కానీ 1,000 నాగరికతలున్న గెలాక్సీ మన ఊహల్లో అసలు లేనే లేదు. నిజంగా మనం చెప్పాల్సింది, ఒంటరిగా ఉండే అవకాశం సగం అని. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆండర్స్ శాండ్‌బర్గ్, ఎరిక్ డ్రెక్స్‌లర్, టోబీ ఆర్డ్ 2018లో ప్రతి అంకెకూ దాని అనిశ్చితి మొత్తాన్నీ అలాగే ఉంచి లెక్క చేశారు. పాలపుంతలో మనం తప్ప మరో నాగరికత లేకపోయే అవకాశం సగం కంటే ఎక్కువే అని వచ్చింది. అంటే ఇన్నాళ్ల నిశ్శబ్దానికి వింతైన వివరణలేవీ వెతకనక్కర్లేదు. ఈ వాదన నాకు చాలా బలమైనదిగా కనిపిస్తుంది.

నాలుగో అంకెను కదిలించగలిగేది ఒక్కటే, భూమితో సంబంధం లేకుండా పుట్టిన రెండో జీవం. అంగారకుడి మీద సూక్ష్మజీవి దొరికినంత మాత్రాన చాలదు. అక్కడి రాళ్లు ఉల్కలుగా భూమ్మీద పడుతూనే ఉన్నాయి, వాటితో జీవం కూడా ప్రయాణించి ఉండొచ్చు. మన ప్రొటీన్లన్నీ ఎడమచేతి వాటం ఉన్న అమైనో ఆమ్లాలతో కట్టినవి. దొరికిన జీవిలోనూ అదే వాటం, అదే జన్యు సంకేతం ఉంటే అది మన చుట్టమే కావచ్చు. కుడి వాటం ఉంటే, లేదా సమాచారాన్ని దాచే పద్ధతే వేరైతే, ఒకే సూర్యుడి కింద జీవం రెండుసార్లు పుట్టినట్టు. అప్పుడు ఆ అంకె అత్యల్పం కాలేదు.

ఏమీ దొరకకపోతే అంత స్పష్టమైన జవాబు రాదు. రేపు టెలిస్కోపులు వంద అనువైన గ్రహాల గాలిని పరీక్షించి ఎక్కడా జీవపు జాడ చూడలేదనుకుందాం. జీవం ఉంటే జాడ తప్పక కనిపిస్తుందని ఒప్పుకున్నా, జీవం పుట్టే వంతు బహుశా నూటికి మూడు కంటే తక్కువ అని మాత్రమే చెప్పగలం. అది వందకు ఒకటో, కోటి కోట్లకు ఒకటో ఆ పరీక్ష చెప్పదు.