'వెంట్' అన్న బిడ్డే 'గోడ్' ఎందుకంటుంది?

ఇంగ్లీషు ఇంటి భాషగా పెరిగే పిల్లల మాటల్లో ఒక విచిత్రం జరుగుతుంది. రెండేళ్లు దాటిన బిడ్డ 'వెళ్లాను' అని చెప్పడానికి చక్కగా 'వెంట్' అంటుంది. 'కేమ్', 'బ్రోక్' అని కూడా సరిగ్గానే పలుకుతుంది. మూడో ఏడు దగ్గరపడేసరికి అదే నోట 'గో'కి 'డ్' తగిలించిన 'గోడ్' వస్తుంది. 'కమ్‌డ్' వస్తుంది, 'బ్రేక్ట్' వస్తుంది. 'ఫీట్' అనాల్సిన చోట 'ఫుట్స్' వినిపిస్తుంది. నిన్నటిదాకా వచ్చిన మాట ఇవాళ పోయిందేమిటని తల్లిదండ్రులు కంగారుపడతారు. అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలోనైతే ఇంకో అనుమానం కూడా తోడవుతుంది, ఇంట్లో తెలుగు మాట్లాడటంవల్లే ఇంగ్లీషు చెడిపోతోందేమోనని. ఆ భయం అక్కర్లేదు. తెలుగు ముక్క వినని, ఇంగ్లీషు తప్ప మరో భాష ఎరగని పిల్లలు కూడా ఇవే తప్పులు చేస్తారు.

ఈ తప్పులో గమనించాల్సిన మొదటి సంగతి, దీన్ని బిడ్డకు ఎవరూ నేర్పలేదు. 'గోడ్' అని ఏ తల్లీ అనదు, ఏ తాతా అనడు. విన్నదాన్ని తిరిగి అప్పజెప్పడమే భాష నేర్వడమైతే ఈ మాట పుట్టే వీలే లేదు. బిడ్డ దాన్ని సొంతంగా తయారుచేసింది. 'ప్లే'కి 'ప్లేడ్', 'క్రై'కి 'క్రైడ్' అని వినీ వినీ, జరిగిపోయిన పని చెప్పాలంటే క్రియ చివర 'డ్' చేర్చాలని పట్టేసింది. ఆ సూత్రాన్ని అది చెల్లని చోటికి కూడా తీసుకుపోయింది. భాషాశాస్త్రంలో దీన్ని అతిసాధారణీకరణం అంటారు.

అయితే సూత్రం నిజంగా పిల్లల బుర్రలో ఉందని ఎలా తెలుస్తుంది? 'డాగ్స్' అన్న బిడ్డ ఆ మాట మొత్తాన్ని విని గుర్తుపెట్టుకుని ఉండొచ్చు కదా. ఈ చిక్కు విప్పడానికి జీన్ బర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక పద్ధతి కనిపెట్టి, 1958లో ఫలితాలు ప్రచురించింది. ఆమె పిట్టలాంటి ఒక బొమ్మ గీసి, దానికి 'వగ్' అని పేరు పెట్టింది. ఇంగ్లీషులో అలాంటి మాట లేదు. నాలుగు నుంచి ఏడేళ్ల వయసున్న పిల్లలకు ముందు ఒక వగ్‌ని చూపించి, తర్వాత రెండు వగ్‌లున్న బొమ్మ చూపించి, ఇవి రెండు ఏమిటి అని అడిగింది. అంతకుముందు ఏ బిడ్డా వినని మాట కాబట్టి, జ్ఞాపకం నుంచి తీసి చెప్పే అవకాశం లేదు. అయినా నూటికి 91 మంది సరిగ్గా చెప్పారు.

చాలామంది వగ్ కథను ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం అదే పరిశోధనలోని ఇంకో ఫలితం ఎక్కువ విలువైనదనిపిస్తుంది. ఇంగ్లీషు బహువచనం రాతలో దాదాపు ఒకేలా కనిపించినా, పలుకులో మూడు రకాలు. 'క్యాట్' చివర 'స్' వినిపిస్తుంది. 'డాగ్' చివర అదే 'జ్' అవుతుంది. 'గ్లాస్' లాంటి మాటలకు 'ఇజ్' చేరి 'గ్లాసిజ్' అవుతుంది. బర్కో పిల్లలకు గ్లాసుల బొమ్మ చూపిస్తే నూటికి 91 మంది 'గ్లాసిజ్' అన్నారు. అదే బాణీలో ఆమె కల్పించిన 'టాస్' అనే మాట ఇస్తే 'టాసిజ్' అన్నవాళ్లు 36 మందే. మిగిలినవాళ్లలో చాలామంది 'టాస్' అనే మాటను అలాగే ఉంచేశారు.

రెండు మాటలకూ చివరి ధ్వని ఒకటే, కావాల్సిన ప్రత్యయమూ ఒకటే. ఒకటి వచ్చి రెండోది రాలేదంటే, 'గ్లాసిజ్' అనే మాట ఆ పిల్లలకు మొత్తంగా జ్ఞాపకంలో ఉందన్నమాట. 'ఇజ్' చేర్చే సూత్రం వాళ్లకింకా పూర్తిగా అందలేదు. అంటే బిడ్డ నోట సరైన మాట వచ్చినంత మాత్రాన సూత్రం వచ్చిందని చెప్పలేం. సూత్రం వచ్చిందనడానికి గట్టి రుజువు కొత్త మాట దగ్గర దొరుకుతుంది. లేదా 'గోడ్' లాంటి తప్పులో దొరుకుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 'వెంట్' తెలిసిన బిడ్డ 'గోడ్' ఎందుకనాలి? మొదట్లో ఆ బిడ్డకు సూత్రం లేదు. 'వెంట్' ఒక మాట, 'ప్లేడ్' ఇంకో మాట, అంతే. 'నిన్న ఆడాను' అనాల్సిన చోట చాలాసార్లు ప్రత్యయం లేకుండా 'ప్లే' అనే ఊరుకుంటుంది. హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్ బృందం ఏళ్ల తరబడి మాటలు రికార్డు చేసిన పిల్లల్లో ఆడమ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన అబ్బాయి ఉన్నాడు. అతని మాటల్లో ఇలాంటి మొదటి తప్పు మూడేళ్లు నిండడానికి నెల ముందు కనిపించింది. 'ఫెల్ట్' అనాల్సింది 'ఫీల్‌డ్' అన్నాడు. మామూలు క్రియలకు 'డ్' చేర్చడం అతనికి స్థిరపడుతున్న రోజులవి. సూత్రం చేతికొచ్చాకే తప్పు మొదలైంది. పైకి వెనకడుగులా కనిపించినా అది ముందడుగే.

ఇంతవరకు చదివినవాళ్లకు ఒక పొరపాటు అభిప్రాయం కలగొచ్చు, సూత్రం రాగానే 'వెంట్' పూర్తిగా పోయి దాని చోట 'గోడ్' కూర్చుంటుందని. చాలాకాలం పాఠ్యపుస్తకాలు దాదాపు అలాగే చెప్పాయి. 1992లో గ్యారీ మార్కస్, స్టీవెన్ పింకర్, వాళ్ల సహచరులు కూర్చుని లెక్కపెట్టారు. 83 మంది పిల్లల సంభాషణల్లోంచి అపక్రమ క్రియల భూతకాల రూపాలు 11,521 తీసి చూస్తే, మధ్యస్థంగా ఒక్కో బిడ్డ చేసిన తప్పులు నూటికి రెండున్నరే తేలాయి. ఒక అబ్బాయి మాత్రం దాదాపు నాలుగో వంతు తప్పులు చేశాడు కాబట్టి, బిడ్డకూ బిడ్డకూ తేడా ఉంటుంది. మొత్తమ్మీద మాత్రం 'వెంట్' ఎక్కడికీ పోదు. ఒకే నెలలో, ఒక్కోసారి ఒకే రోజున, బిడ్డ రెండూ అంటుంది. పెద్దల చెవికి తప్పే తగులుతుంది, సరైన మాట వినిపించకుండానే సాగిపోతుంది. అందుకే తప్పులు ఉన్నదానికంటే ఎక్కువగా తోస్తాయి.

ఈ లెక్క ఆధారంగా మార్కస్, పింకర్ ఇచ్చిన వివరణ సూటిగా ఉంటుంది. మన బుర్రలో రెండు పనులు పక్కపక్కనే జరుగుతాయి. ఒకటి, 'వెంట్' లాంటి ప్రత్యేక రూపాన్ని జ్ఞాపకంలో వెతకడం. రెండు, సూత్రం ప్రకారం 'డ్' చేర్చడం. జ్ఞాపకంలో ప్రత్యేక రూపం దొరికితే సూత్రం ఆగిపోతుంది. పెద్దలకు అది దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది. మూడేళ్ల బిడ్డ ఆ మాటను విన్నదే తక్కువ కాబట్టి జ్ఞాపకం పలచగా ఉంటుంది. అడిగిన క్షణాన అది అందకపోతే సూత్రాన్ని ఆపేవాళ్లు లేరు, 'గోడ్' బయటికి వస్తుంది.

ఈ వివరణ నిజమైతే, పెద్దలు అరుదుగా వాడే క్రియల దగ్గరే పిల్లలు ఎక్కువ తప్పాలి. తల్లిదండ్రుల మాటల్లో ఏ క్రియ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి పోల్చితే అలాగే తేలింది. భాష చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఇంగ్లీషులో 'హెల్ప్' అనే క్రియకు ఒకప్పుడు 'హోల్ప్' అనే భూతకాల రూపం ఉండేది, ఇప్పుడది 'హెల్ప్‌డ్' అయిపోయింది. పూట పూటకూ నోట్లో నలిగే 'గో', 'కమ్', 'సీ' లాంటి క్రియలు మాత్రం తమ పాత వంకరలను ఇవాళ్టికీ నిలబెట్టుకున్నాయి.

సూత్రమనేది అసలు అవసరమా అని అడిగినవాళ్లూ ఉన్నారు. 1986లో రూమెల్‌హార్ట్, మెక్‌క్లెలాండ్ ఏ సూత్రమూ ఎక్కించకుండా, మాటల పోలికలను మాత్రమే నేర్చుకునే ఒక కంప్యూటర్ నమూనా తయారుచేశారు. ముందు 10 క్రియలు నేర్పినప్పుడు అది సరిగ్గానే చెప్పింది. తర్వాత ఒక్కసారిగా మరో 410 క్రియలు ఇచ్చేసరికి, అప్పటిదాకా సరిగ్గా చెప్పినవాటిని కూడా పిల్లల్లాగే తప్పింది. పిల్లల చెవిన పడే క్రియలు అలా ఉన్నట్టుండి పెరగవు కదా అని పింకర్, అలన్ ప్రిన్స్ రెండేళ్లకే అభ్యంతరం చెప్పారు. ఆ వాదం ఇంకా ముగియలేదు. పిల్లలు విన్న మాటల్లోంచి ఒక క్రమాన్ని తీసి కొత్త మాటలకు వర్తింపజేస్తారనే విషయంలో మాత్రం రెండు వర్గాలకూ పేచీ లేదు. ఆ క్రమం మెదడులో ఏ రూపంలో ఉంటుందన్నదే తగాదా.

తెలుగులో కూడా ఇలాంటి మలుపులు బోలెడు. 'రా' అని పిలిస్తే 'వచ్చాను' అంటాం, రెంటికీ ధ్వనిలో పోలికే లేదు. 'లు' చేర్చితే బహువచనం అవుతుందని పట్టుకున్న బిడ్డకు 'చెయ్యి' దగ్గర 'చేతులు', 'కన్ను' దగ్గర 'కళ్లు' ఎదురవుతాయి. మీ ఇంట్లో 'చెయ్యిలు' వినిపిస్తే, ఆ బిడ్డ 'లు' ప్రత్యయాన్ని పట్టిందనే అర్థం.

మరి దిద్దాలా వద్దా? బ్రౌన్, హాన్లన్ 1970లో చూపించినట్టు, తల్లిదండ్రులు చిన్నపిల్లల వ్యాకరణాన్ని దిద్దడం బాగా తక్కువ. చెప్పిన విషయం నిజమా కాదా అన్నదే పట్టించుకుంటారు. అయినా పిల్లలందరూ 'గోడ్' దాటి వస్తారు. జ్ఞాపకం పలచగా ఉండటమే కారణమైతే, మందు కూడా అక్కడే ఉంది. బిడ్డ పార్కుకి 'గోడ్' అంటే మాట ఆపి పాఠం చెప్పకండి. 'ఓహో, పార్కుకి వెంట్ అన్నమాట, అక్కడేం చూశావు?' అన్నట్టుగా సరైన రూపాన్ని కలిపి సంభాషణ సాగనివ్వండి. ఆ మాట ఇంకోసారి చెవిన పడుతుంది, చాలు.

ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. 'గోడ్' అనే బిడ్డ గురించి బెంగ పడనక్కర్లేదు. ఇంగ్లీషే ఇంటి భాషగా పెరుగుతూ అయిదేళ్లు దాటాక కూడా, నిన్నటి సంగతి చెబుతూ ప్రత్యయమే లేకుండా తరచూ 'ప్లే', 'గో' అనే అంటుంటే, అప్పుడు స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. భాషాభివృద్ధిలో ఇబ్బంది ఉన్న పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఈ ప్రత్యయం జారిపోవడమే. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు ఇంగ్లీషు తక్కువ వినడంవల్ల కూడా అలా మాట్లాడొచ్చు కాబట్టి, వాళ్లను చూపించేటప్పుడు ఇంటి భాషలో ఎలా మాట్లాడుతున్నారో కూడా తప్పకుండా చెప్పండి.