కొంటానని మాటిచ్చి ముందే డబ్బు తీసుకుంటే

మా బావకు పాత అలవాటు ఒకటుంది. నచ్చిన షేరు 520 రూపాయల దగ్గర ఉంటే, 500కు కొంటానని లిమిట్ ఆర్డర్ పెట్టి కూర్చుంటాడు. అది 503 దాకా దిగి మళ్లీ పైకి పోతుంది. ఈయన మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే ఆర్డర్ పెడతాడు. దసరాకు డల్లాస్ నుంచి వచ్చిన మేనల్లుడు ఇది చూసి నవ్వాడు. “నాన్నా, ఎలాగూ 500కే కొంటానంటున్నావు. అదే మాట ఇంకొకరికి రాసిస్తే డబ్బులిస్తారు కదా. ఊరికే ఎందుకు ఎదురుచూడటం?”

వాడు చెప్పింది పుట్ ఆప్షన్ అమ్మడం గురించి. షేరు ఎంత పడిపోయినా ఫలానా ధరకు ఫలానా తేదీన అమ్ముకునే హక్కే పుట్. ఆ హక్కు కొనుక్కున్నవాడు బీమా తీసుకున్నట్టు. అమ్మినవాడు బీమా కంపెనీ స్థానంలో ఉంటాడు. స్థలం కొనేటప్పుడు మనం బయానా ఇస్తాం. ఇక్కడ కొంటానని మాటిచ్చినందుకు బయానా మనకే వస్తుంది, దాన్ని ప్రీమియం అంటారు. మాట నిలబెట్టుకోవడానికి కావలసిన పూర్తి సొమ్ము పక్కన పెట్టుకుని అమ్మితే, అది క్యాష్ సెక్యూర్డ్ పుట్.

లెక్క చూద్దాం. లాట్ వెయ్యి షేర్లనుకోండి (కంపెనీని బట్టి మారుతుంది). షేరు 520లో ఉండగా, 500 స్ట్రైక్ ధర ఉన్న పుట్‌ను షేరుకు 9 రూపాయలకు అమ్మారు. మీ ఖాతాలోకి 9,000 వచ్చింది. పక్కన ఉంచుకోవాల్సింది 5 లక్షలు. ఎక్స్‌పైరీ నాడు షేరు 512 దగ్గర ముగిస్తే పుట్ చెల్లదు, 9,000 మీదే. 470 దగ్గర ముగిస్తే వెయ్యి షేర్లు 500 చొప్పున కొనాలి. ప్రీమియం తీసేస్తే మీకు పడింది 491. ఆ రోజు బజారు ధర కంటే 21 ఎక్కువే, కానీ మీరు మొదట చూసిన 520 కంటే 29 తక్కువ. మన దేశంలో 2019 అక్టోబరు నుంచి స్టాక్ ఆప్షన్లన్నీ షేర్ల డెలివరీతోనే తేలుతున్నాయి కాబట్టి, షేర్లు నిజంగానే డీమ్యాట్‌లోకి వస్తాయి. డబ్బు నిజంగానే పోతుంది.

ఇంతవరకూ విని బావ, “అయితే ఇది లిమిట్ ఆర్డరే, పైగా జీతంతో” అన్నాడు. అక్కడే చాలామంది పొరబడతారు.

మొదటి తేడా తేదీది. అమెరికాలో స్టాక్ ఆప్షన్ కొన్నవాడు గడువులోపు ఏ రోజైనా హక్కు వాడుకోవచ్చు. మన ఎన్‌ఎస్‌ఈలో లెక్కకొచ్చేది ఎక్స్‌పైరీ ఒక్కరోజే. ఇప్పుడది నెలలో చివరి మంగళవారం. నెల మధ్యలో షేరు 480కి పడి, ఆఖరికి 510కి లేచిందనుకోండి. లిమిట్ ఆర్డర్ పెట్టినవాడికి 500కే దొరికి ఉండేది. పుట్ అమ్మినవాడికి 9,000 తప్ప షేరు దక్కదు.

షేరు పడకుండా పెరిగినా అంతే. 1993లో వారెన్ బఫెట్ కోకా కోలా షేర్ల మీద పుట్‌లు అమ్మారు. 50 లక్షల షేర్లు, స్ట్రైక్ 35 డాలర్లు, షేరుకు ఒకటిన్నర డాలర్ ప్రీమియం. షేరు అప్పటికి 40 డాలర్ల దరిదాపుల్లో ఉంది. అది 35కు దిగలేదు, ఆయనకు 75 లక్షల డాలర్లు మిగిలాయి. కానీ తర్వాతి ఐదేళ్లలో కోకా కోలా దాదాపు నాలుగు రెట్లు పెరిగింది. బఫెట్ చేతిలో అప్పటికే ఆ కంపెనీ వాటా బోలెడుంది కనుక సరిపోయింది. షేరు నిజంగా కావాలనుకున్న మామూలు మనిషికైతే ఆ ఒకటిన్నర డాలర్ చాలా ఖరీదైన ఒకటిన్నర.

అన్నిటికంటే పెద్ద తేడా, మాట వెనక్కి తీసుకోలేకపోవడం. 2025 మార్చి 10న ఇండస్‌ఇండ్ బ్యాంక్ షేరు 900 దగ్గర ముగిసింది. బజారు మూసేశాక, డెరివేటివ్స్ ఖాతాల్లో తేడాలు కనబడ్డాయని, వాటి ప్రభావం నికర విలువలో సుమారు 2.35 శాతం ఉండొచ్చని బ్యాంకు ప్రకటించింది. మర్నాడు షేరు 27 శాతం పడి 656 దగ్గర ఆగింది. ఆప్షన్లు ఉన్న షేర్లకు మిగతావాటిలా స్థిరమైన సర్క్యూట్ పరిమితి ఉండదు, అందుకే ఒక్కరోజులో అంత పతనం సాధ్యమైంది. 850కి లిమిట్ ఆర్డర్ పెట్టుకున్నవాడు రాత్రి వార్త చదివి, పొద్దున బజారు తెరిచేలోపు దాన్ని రద్దు చేసుకోవచ్చు. 850 పుట్‌ను, ఉదాహరణకు, 12 రూపాయలకు అమ్మినవాడికి ఆ వీలు లేదు. పుట్‌ను తిరిగి కొని బయటపడాలంటే దాదాపు 200 ఇవ్వాలి. ఎక్స్‌పైరీ దాకా ఆగినా, మార్చి 27న షేరు 700కు దిగువనే ఉంది. పన్నెండు రూపాయల కోసం మీద వేసుకున్న బరువు అది.

కాబట్టి ప్రీమియం లావుగా కనబడితే ముందు అనుమానపడాలి. ఒకే రంగంలో ఒకే దూరంలో ఉన్న పుట్‌కు ఒక కంపెనీ మీద 9, ఇంకోదాని మీద 18 వస్తోందంటే, రెండోదానికి ఫలితాల తేదీయో కోర్టు తీర్పో ముందుందని అర్థం. కొనేవాడు ధర్మాత్ముడు కాడు.

ఇక మన దగ్గర ప్రత్యేకంగా ఉన్న ఉచ్చు మార్జిన్. అమెరికాలో క్యాష్ సెక్యూర్డ్ పుట్ అని ఎంచుకుంటే బ్రోకరే మొత్తం సొమ్మును పక్కకు పెట్టేస్తాడు. లాట్ వంద షేర్లే కావడంతో 50 డాలర్ల షేరుకు 5,000 డాలర్లు చాలు. ఇక్కడ మన 5 లక్షల లాట్‌కు బ్రోకర్ మామూలుగా ఆపేది సుమారు లక్ష. మిగతా నాలుగు లక్షలు తెర మీద ఖాళీగా మెరుస్తుంటాయి. ఐదు లాట్లు అమ్మితే నెలకు 45,000 అని మనసు లాగుతుంది. షేరు 350కి పడితే ఒక్క లాట్ అమ్మినవాడి చేతిలో 4.91 లక్షలు పెట్టిన మూడున్నర లక్షల సరుకుంటుంది. బాధే, కానీ ఆగగలడు. ఐదు లాట్లవాడి నష్టం 7.05 లక్షలు, ఖాతాలో ఉన్నది ఐదు. అసలు అంతదాకా రానివ్వరు. పడేకొద్దీ మార్జిన్ పెరుగుతుంది, ఎక్స్‌పైరీ వారంలో ఇంకా అడుగుతారు, కట్టకపోతే ఏ ధరకైనా మీ పుట్‌లను తిరిగి కొనేస్తారు.

ఆ నాలుగు లక్షలను లిక్విడ్ ఫండ్‌లో ఉంచి, యూనిట్లను మార్జిన్ కోసం తాకట్టు పెట్టొచ్చు, కాస్త వడ్డీ వస్తుంది. డెలివరీకి మాత్రం నగదే కావాలి. తాకట్టు విడిపించి, అమ్మి, డబ్బు చేతికి రావడానికి రోజో రెండో పడుతుంది కాబట్టి చివరి వారానికి ముందే ఆ పని మొదలుపెట్టాలి. పన్ను లెక్కలోనూ ఇది వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది, మూలధన లాభం కాదు.

బావ రెండు రోజులు ఆలోచించి ఒక లాట్ అమ్మాడు. ఇరవై ఏళ్లుగా ఎరిగిన కంపెనీ, ఫలితాలు వచ్చేసిన వారం. మిగతా సొమ్ము కనబడితే చెయ్యి ఆగదని బ్రోకర్ ఖాతాలోంచి బ్యాంకులో వేరే ఖాతాకు మార్చేశాడు. మీరూ అమ్మదలిస్తే, బ్రోకర్ తెర మీద మార్జిన్ ఎంత చూపిస్తోందో కాదు, స్ట్రైక్‌ను లాట్‌తో హెచ్చవేస్తే ఎంత వస్తుందో చూడండి. అంత నగదు లేకపోతే ఆ పుట్ అమ్మకండి.