మెత్తటి నేల మీద ఆయిల్ ట్యాంకు

తీరప్రాంతపు మెత్తటి బంకమట్టి మీద 40 మీటర్ల వ్యాసమున్న ఆయిల్ ట్యాంకు కట్టారనుకుందాం. పరీక్ష కోసం 15 మీటర్ల ఎత్తు నీళ్లు నింపితే చదరపు మీటరుకు 15 టన్నుల బరువు పడుతుంది. నేల కుంగక తప్పదు.

గోడ కింద కాంక్రీటు రింగు వేస్తే అంచు సమంగా నిలుస్తుంది. కానీ లోపలి మట్టి ఎక్కువ కుంగితే రింగు దగ్గర అడుగు రేకు వంగి, వెల్డింగు చిట్లవచ్చు. కంకర రింగు మట్టితోపాటే దిగుతుంది. ఇలాంటి నేలకు అదే మేలని నా అభిప్రాయం.

గోడ చుట్టూ 14 గుర్తులు పెట్టి, పావు, సగం, ముప్పావు, నిండు మట్టాల దగ్గర కొలుస్తారు. అన్నీ ఒకేలా దిగితే భయం తక్కువ. ఒక్క గుర్తు మాత్రం పక్కవాటికన్నా ఎక్కువ కుంగితే గోడ గుండ్రం తప్పుతుంది, తేలే పైకప్పు ఇరుక్కుంటుంది. అప్పుడు నింపడం ఆపి, కుంగుడు నిలకడపడ్డాకే ముందుకెళ్లాలి.